నాలుగు దారుల్లో ఒకటి గానుగ దారి

2008 డిసెంబర్ 31న అమెరికాలో ‘జ్యూన్’ అనే మ్యూజిక్ ప్లేయర్లు మూకుమ్మడిగా మొరాయించాయి. 2006లో మైక్రోసాఫ్ట్ సంస్థ మార్కెట్లోకి తెచ్చిన 30 గిగాబైట్ల మోడల్ అది. ఆన్ చేస్తే మొదటి తెర వస్తుంది, అక్కడే బిగుసుకుపోతుంది. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. కంపెనీ చెప్పిన ఉపాయం వింతగా ఉంది. బ్యాటరీ పూర్తిగా అయిపోనివ్వండి, గ్రీన్‌విచ్ లెక్కన జనవరి 1 మధ్యాహ్నం దాటాక మళ్ళీ ఛార్జింగ్ పెట్టండి అన్నారు. అలా చేసినవాళ్ళ ప్లేయర్లు ఏ మరమ్మతూ లేకుండానే పాటలు పాడాయి.

తప్పు ఎక్కడుందో ప్రోగ్రామర్లు త్వరలోనే పట్టుకున్నారు. లోపలి గడియారాన్ని నడిపే డ్రైవర్‌లో, రోజుల లెక్కను సంవత్సరంగా మార్చే చిన్న ఫంక్షన్ ఒకటుంది. తప్పు దానిలో ఉంది. అందులో తప్పున్న ముక్క పదిపదిహేను వరుసల కోడ్. దాన్ని ఎవరు చదివినా మొదటిసారి బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ వరుసలను పక్కనబెట్టి, వాటి నడకను బొమ్మగా గీసి, అందులో ఎన్ని దారులున్నాయో లెక్కపెడితే తప్పు కంటికి కనిపిస్తుంది. ఆ బొమ్మ పేరు కంట్రోల్ ఫ్లో గ్రాఫ్. దారుల లెక్క పేరు సైక్లొమాటిక్ కాంప్లెక్సిటీ. ఈ రెండింటినీ ఈ చిన్న ఫంక్షన్ మీదే చూద్దాం.

కోడ్ ఏం చేస్తోంది

గడియారం చిప్‌కు సంవత్సరాలూ నెలలూ తెలియవు. 1980 జనవరి 1ని ఒకటో రోజుగా తీసుకుని, ఇవాళ్టికి ఎన్నో రోజో మాత్రమే చెబుతుంది. ఆ అంకెలోంచి సంవత్సరాన్ని రాబట్టడమే ఫంక్షన్ పని. అందులో మనకు కావలసిన ముక్క ఇదీ:

```c
year = 1980;
while (days > 365) {
    if (IsLeapYear(year)) {
        if (days > 366) {
            days -= 366;
            year += 1;
        }
    } else {
        days -= 365;
        year += 1;
    }
}
```

రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతకాలం లూప్ తిరుగుతుంది. మామూలు సంవత్సరమైతే 365 రోజులు తీసేసి, సంవత్సరాన్ని ఒకటి పెంచుతుంది. లీపు సంవత్సరమైతే 366 తీసేస్తుంది. చివరికి మిగిలిన రోజులే ఆ సంవత్సరంలో ఇవాళ ఎన్నో రోజో చెబుతాయి.

రాసినవారు లీపు సంవత్సరాన్ని మరచిపోలేదని గమనించండి. లీపు సంవత్సరంలో 366వ రోజు కూడా ఆ సంవత్సరంలోదే, కాబట్టి అప్పుడు ఏమీ తీసేయకూడదు. అందుకే `days > 366` అని విడిగా అడిగారు. జాగ్రత్తపడి రాసిన కోడే. అందుకే పైనుంచి కిందికి చదివితే తప్పు దొరకదు.

బొమ్మ గీయడం

గ్రాఫ్ గీయడానికి రెండు నియమాలు చాలు. మధ్యలో ఏ మలుపూ లేకుండా వరుసగా జరిగే పనులన్నీ కలిపి ఒక నోడు. ఒక నోడు తర్వాత ఇంకోదానికి వెళ్ళే వీలుంటే వాటి మధ్య ఒక బాణం. ప్రశ్న అడిగే ప్రతి నోడు నుంచీ రెండు బాణాలు బయల్దేరాలి. ఒకటి ‘అవును’, ఇంకొకటి ‘కాదు’.

మన ఫంక్షన్‌లో ఏడు నోడ్లు వస్తాయి. మొదటిది `year = 1980`. రెండోది `while` అడిగే ప్రశ్న. మూడోది లీపు సంవత్సరమా అన్న ప్రశ్న. నాలుగోది రోజులు 366 దాటాయా అన్న ప్రశ్న. ఐదోది 366 తీసేయడం, ఆరోది 365 తీసేయడం. ఏడోది ముగింపు. ఇక బాణాలు:

```
1 -> 2
2 -> 3    2 -> 7
3 -> 4    3 -> 6
4 -> 5    4 -> 2
5 -> 2
6 -> 2
```

కాగితం మీద ఏడు సున్నాలు చుట్టి ఈ బాణాలను మీరే గీసి చూడండి. నాలుగో నోడు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ‘అవును’ బాణం ఐదుకు వెళ్తుంది, అది కోడ్‌లో రాసి ఉంది. మరి ‘కాదు’ బాణం ఎక్కడికి? ఆ `if`కు `else` లేదు. రాయని చోట ఏం జరుగుతుందో భాష నియమమే నిర్ణయిస్తుంది: బ్రాకెట్లన్నీ దాటుకుని నేరుగా లూప్ మొదటికి, అంటే రెండో నోడుకు పోతుంది. ఈ 4→2 బాణానికి కోడ్‌లో ఒక్క అక్షరం కూడా లేదు. కళ్ళు వరుసలను చదువుతాయి కాబట్టి లేని వరుస మీద ఆగవు. గ్రాఫ్‌లో అలా కుదరదు. ప్రశ్న ఉంటే రెండో బాణాన్ని గీసి తీరాలి.

లెక్క పెట్టడం

ఈ బొమ్మకు ఒక అంకె కట్టవచ్చని 1976 డిసెంబర్‌లో థామస్ మెకేబ్ ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించాడు. సూత్రం చిన్నది:

```
V(G) = E - N + 2
```

`E` అంటే బాణాల సంఖ్య, `N` అంటే నోడ్ల సంఖ్య. మన దగ్గర బాణాలు 9, నోడ్లు 7. తొమ్మిదిలోంచి ఏడు తీసేసి రెండు కలిపితే నాలుగు.

ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సూత్రాన్ని బట్టీ పట్టక్కర్లేదు. ఏ ప్రశ్నా లేని ఫంక్షన్‌ను ఊహించండి. నోడ్లు దండలో పూసల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఏడు పూసలను కలపడానికి ఆరు ముక్కల దారం చాలు, అంటే బాణాలు నోడ్ల కంటే ఒకటి తక్కువ. అలాంటి ఫంక్షన్‌కు దారి ఒక్కటే. అంతకు మించి ఉన్న ప్రతి బాణమూ ఒక కొత్త దారిని తెరుస్తుంది. మనకు ఆరు బాణాలు చాలిన చోట తొమ్మిది ఉన్నాయి. మొదటి దారి ఒకటి, అదనపు బాణాలు తెరిచినవి మూడు, మొత్తం నాలుగు.

సరిచూసుకోవడానికి ఇంకో రెండు మార్గాలున్నాయి. మొదటిది, రెండు బాణాలున్న ప్రశ్నల్ని లెక్కపెట్టి ఒకటి కలపడం. మనకు ప్రశ్నలు మూడు: `while` ఒకటి, `if`లు రెండు. మూడుకు ఒకటి కలిపితే నాలుగు. రెండోది, బాణాలు ఒకదాన్నొకటి దాటకుండా బొమ్మ గీసి, పొలాల్లో గట్లు విడదీసిన మడుల్లాగా ఆ గీతలు విడదీసిన గదులను లెక్కపెట్టడం. లోపల మూడు గదులుంటాయి, చుట్టూ ఉన్న ఖాళీ జాగా నాలుగోది. మూడు లెక్కలూ కలవకపోతే ఏదో బాణాన్ని మరచిపోయారన్నమాట. చాలాసార్లు ఆ మరచిపోయిన బాణం `else` లేని `if`దే అవుతుంది.

స్వతంత్ర దారి అంటే

నాలుగే దారులు అంటే చదువరికి అనుమానం రావాలి. లూప్ ఒకసారి తిరిగితే ఒక దారి, రెండుసార్లు తిరిగితే ఇంకో దారి. అలా లెక్కపెడుతూ పోతే దారులకు అంతే లేదు కదా?

నిజమే. అందుకే లెక్కపెట్టేది అన్ని దారులనూ కాదు, స్వతంత్ర దారులనే. అంతకు ముందు తీసుకున్న ఏ దారిలోనూ నడవని బాణం కనీసం ఒక్కటైనా ఉంటే దాన్ని కొత్తగా తీసుకుంటాం. మన బొమ్మలో చిన్నదానితో మొదలుపెట్టి ఇలా ఎంచుకోవచ్చు:

```
A: 1-2-7
B: 1-2-3-4-5-2-7
C: 1-2-3-4-2-7
D: 1-2-3-6-2-7
```

`A`లో లూప్‌లోకి అడుగే పెట్టం. `B`లో లీపు సంవత్సరాన్ని దాటి వస్తాం. `C`లో కొత్త బాణం 4→2. `D`లో కొత్తవి 3→6, 6→2. ఈ నలుగురూ అయ్యాక బొమ్మలో నడవని బాణం మిగలదు. ఇంకే దారి తీసుకున్నా అది వీటి కలయికే.

కలయిక అన్న మాటకు అర్థం కూడికలు, తీసివేతలే. 2007 డిసెంబర్ 31నే తీసుకుందాం. 1980 నుంచి లెక్కిస్తే అది 10227వ రోజు. లూప్ 27 సార్లు తిరుగుతుంది. అందులో లీపు సంవత్సరాలు 7, మామూలువి 20. ఏ బాణం మీద ఎన్నిసార్లు నడిచామో రాసుకుంటే, అది ఏడు `B`లూ ఇరవై `D`లూ కలిపి, వాటిలోంచి ఇరవైఆరు `A`లు తీసేసినదానికి సరిగ్గా సమానం. `A`లను ఎందుకు తీసేశామంటే, ప్రతి `B`లోనూ ప్రతి `D`లోనూ మొదలూ ముగింపూ ఉన్నాయి. 27 సార్లు లెక్కకొచ్చిన ఆ మొదలు-ముగింపులు అసలు నడకలో ఒక్కసారే ఉంటాయి, కాబట్టి 26 తీసేయాలి. ఎంత పొడవైన నడకనైనా ఇలా నాలుగు దారులతో కట్టవచ్చు. మూడింటితో కట్టలేం. సైక్లొమాటిక్ కాంప్లెక్సిటీ నాలుగు అంటే అర్థం ఇదే.

ప్రతి దారికీ ఒక అంకె

ఇప్పుడు పరీక్ష మొదలవుతుంది. ఒక్కొక్క దారి పట్టుకుని, ఈ దారిన పోవాలంటే `days` ఎంత ఇవ్వాలి అని అడగాలి.

`A` తేలిక. 100 ఇస్తే లూప్‌లోకి వెళ్ళకుండానే బయటికొస్తుంది. 1980లో 100వ రోజు, సరైన జవాబే.

`B`కి 367 ఇద్దాం. 365 కంటే ఎక్కువ, 1980 లీపు సంవత్సరం, 366 కంటే కూడా ఎక్కువ. 366 తీసేస్తే ఒకటి మిగులుతుంది, సంవత్సరం 1981. అంటే 1981 జనవరి 1. ఇదీ సరైనదే.

`D` దగ్గర చిక్కొస్తుంది. లూప్‌లోకి అడుగుపెట్టిన మొదటిసారే ‘లీపు సంవత్సరం కాదు’ వైపు వెళ్ళాలి. కానీ మనం ఎప్పుడూ 1980తోనే మొదలుపెడతాం, అది లీపు సంవత్సరం. కాబట్టి `D`ని ఉన్నదున్నట్టుగా నడవగలిగే అంకె ఏదీ లేదు. గ్రాఫ్‌కు బాణాలే తెలుసు, విలువలు తెలియవు కదా. ఇలాంటప్పుడు దారిని వదిలేయకూడదు, దాని కొత్త బాణాన్ని ఇంకో దారిలో కలిపి నడవాలి. 732 ఇవ్వండి. మొదటి చుట్టులో 1980 దాటి 366 మిగులుతుంది. రెండో చుట్టులో 1981 మామూలు సంవత్సరం కాబట్టి 3→6 బాణం మీద నడుస్తాం. మిగిలేది ఒకటి, సంవత్సరం 1982. `D` స్థానంలో ఈ పొడవాటి దారిని పెట్టుకున్నా నాలుగూ స్వతంత్రంగానే ఉంటాయి.

ఇక `C`. రోజులు 365 దాటాలి, కానీ 366 దాటకూడదు. అలాంటి అంకె ఒక్కటే: 366. అది ఇచ్చి నడుద్దాం. రెండో నోడు: 365 కంటే ఎక్కువా? అవును. మూడో నోడు: 1980 లీపు సంవత్సరమా? అవును. నాలుగో నోడు: 366 కంటే ఎక్కువా? కాదు. 4→2 బాణం మీద లూప్ మొదటికొచ్చాం. ఇక్కడి నుంచి ఏడో నోడుకు వెళ్ళాలి. కానీ దారిలో మనం దేన్నీ మార్చలేదు. రోజులు అదే 366, సంవత్సరం అదే 1980. మళ్ళీ అవే ప్రశ్నలు, అవే జవాబులు. గానుగెద్దులా 2-3-4-2-3-4 అంటూ తిరగడమే తప్ప బయటపడటం లేదు.

డిసెంబర్ 31న జరిగింది అచ్చంగా ఇదే. 2008 డిసెంబర్ 31 అంటే 10593వ రోజు. లూప్ 28 సంవత్సరాలను చక్కగా దాటుకుంటూ వచ్చింది. 2008 దగ్గరకొచ్చేసరికి చేతిలో 366 మిగిలాయి. ప్లేయర్ ఆన్ అవుతూనే ఈ ఫంక్షన్‌ను పిలుస్తుంది, అది తిరిగి రాదు. మర్నాటికి చిప్‌లోని లెక్క 10594 అయింది. 2008 దగ్గర 367 మిగిలాయి, అంటే `B` దారి. అందుకే ఏ మరమ్మతూ లేకుండా బాగుపడ్డాయి. ఆ మోడల్ జనం చేతికొచ్చాక ఎదురైన మొదటి లీపు సంవత్సరం 2008. కాబట్టి ఆ బాణం మీద నడవాల్సి వచ్చిన మొదటి రోజు కూడా అదే.

`C`, `D` రెండూ గీసినట్టుగా నడవలేని దారులే. కానీ కారణాలు వేరు. `D`కి అడ్డు మొదటి విలువ మాత్రమే. దాని బాణాన్ని ఇంకో దారిలో నడిచి, క్షేమంగా ముగింపుకు చేరగలిగాం. `C` బాణం మీద అడుగుపెడితే ఏ దారిలో కలిపినా ముగింపు రాదు. దారికి తగిన అంకె దొరకనప్పుడు చాలామంది ‘ఇది కుదరని దారి’ అని రాసేసి ముందుకు వెళ్ళిపోతారు. అక్కడే ఆగి, ఎందుకు కుదరదు అని అడగాలి. తప్పు ఆ జవాబులో ఉంటుంది.

వరుసలన్నీ నడిచినా చాలదు

పరీక్షల్లో ఎక్కువగా చూసే లెక్క ఇంకొకటుంది. కోడ్‌లోని ఎన్ని వరుసలు కనీసం ఒక్కసారైనా నడిచాయి అన్నది. దాన్ని ఈ ఫంక్షన్ మీద పెట్టి చూడండి. ఇందాకటి 732 ఒక్కటే ఇస్తే చాలు, ఏడు నోడ్లూ నడుస్తాయి. నూటికి నూరు శాతం వరుసలు పరీక్షించినట్టే రిపోర్టు వస్తుంది, జవాబు కూడా సరిగ్గానే ఉంటుంది. 4→2 బాణం మాత్రం ఎవరూ తొక్కకుండా ఉండిపోతుంది. దానికి వరుస లేదు కాబట్టి ఆ రిపోర్టులో అది లేని లోటు కూడా కనిపించదు. నాలుగు దారులకు నాలుగు అంకెలు వెతికితే మాత్రం 366 తప్పకుండా ఎదురవుతుంది.

అంకెను ఎలా చదవాలి

మెకేబ్ తన పత్రంలోనే ఒక హద్దు సూచించాడు. ఫంక్షన్‌కు పది దాటితే ముక్కలు చేయడం మంచిదన్నాడు. అది మంత్రాక్షరం కాదని కూడా అక్కడే చెప్పాడు. ఒకే ప్రశ్నకు చాలా జవాబులుండి, ఒక్కో జవాబుకు ఒక్కో చిన్న పని ఉండే పొడవాటి `switch` ఉంటే పది దాటినా తప్పుబట్టనక్కర్లేదన్నాడు.

లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది. మన ఫంక్షన్‌లో లీపు సంవత్సరమా అన్న ప్రశ్న వేరే ఫంక్షన్‌లో దాగి ఉంది కాబట్టి దాన్ని ఒక ప్రశ్నగా లెక్కపెట్టాం. దాన్ని ఇక్కడే విప్పి రాస్తే ఇలా ఉంటుంది:

```c
if ((year % 4 == 0 && year % 100 != 0) || year % 400 == 0)
```

చూడటానికి ఒక `if`, లోపల ఉన్నవి మూడు ప్రశ్నలు. 1900 నాలుగుతో భాగింపబడుతుంది కానీ లీపు సంవత్సరం కాదు. 2000 వందతో కూడా భాగింపబడుతుంది, అయినా లీపు సంవత్సరమే. వీటికి దారులు వేరు. కాబట్టి ప్రతి `&&`కూ, ప్రతి `||`కూ ఒక్కొక్కటి కలపాలి. అప్పుడు మన అంకె నాలుగు నుంచి ఆరుకు పెరుగుతుంది. వేరే ఫంక్షన్‌గా విడదీస్తే ఈ ఫంక్షన్ అంకె తగ్గుతుంది కానీ ఆ ప్రశ్నలు ఎక్కడికీ పోవు. వాటిని అక్కడ పరీక్షించాలి.

ఇక తప్పును దిద్దుదాం. రాయని బాణానికి ఒక వరుస రాస్తే సరి:

```c
        if (days > 366) {
            days -= 366;
            year += 1;
        } else {
            break;
        }
```

`break` లూప్‌లోంచి బయటికి పంపేస్తుంది. 4→2 బాణం పోయి, దాని స్థానంలో 4→7 వచ్చింది. ఇప్పుడు 366 ఇస్తే ఫంక్షన్ ఆగుతుంది, 1980లో 366వ రోజు అంటే 1980 డిసెంబర్ 31 అని సరిగ్గా చెబుతుంది.

మళ్ళీ లెక్కపెట్టండి. బాణాలు తొమ్మిదే, నోడ్లు ఏడే. సైక్లొమాటిక్ కాంప్లెక్సిటీ నాలుగే. వేల ప్లేయర్లను బిగదీసిన కోడ్‌కూ, దిద్దిన కోడ్‌కూ ఒకటే అంకె. అంకెను లెక్కపెట్టే టూల్ రెండింటినీ పచ్చరంగులోనే చూపిస్తుంది, నాలుగు పది కంటే చాలా తక్కువ మరి. ఈ ఫంక్షన్ ఎన్ని పరీక్షలు బాకీ ఉందో చెప్పడం వరకే ఆ అంకె పని. నాలుగంటే నాలుగు దారులు. ఒక్కోదానికి ఒక్కో అంకె వెతికి, వేలు పెట్టి నడిచి, ముగింపు దాకా వెళ్ళి చూడటం చదివేవాళ్ళ పని. మూడు దారులు నడిచి, నాలుగోదాన్ని ‘అదీ అలాగే ఉంటుందిలే’ అని వదిలేస్తే, దాని మీద నడవాల్సిన రోజు నాలుగేళ్ళకొకసారి తప్పకుండా వస్తుంది.